పగిలిన లాప్‌టాప్ స్క్రీన్: లేబుల్ చూసి కొనండి, కేబుల్ చూసి మార్చండి

ప్రశ్న: నాది 15.6 అంగుళాల లాప్‌టాప్. కోర్ ఐ3, 8వ తరం, 2019లో కొన్నాను. మంచం మీంచి జారి పడి స్క్రీన్ పగిలింది. సర్వీస్ సెంటర్‌లో 9,500 అన్నారు. బయట షాపులో 3,800కే వేస్తామన్నారు, ఇంకో 1,200 ఇస్తే ఫుల్ హెచ్‌డీ వేస్తారట, "అదే 30 పిన్ను, సరిపోతుంది" అంటున్నారు. విప్పి చూస్తే ప్యానెల్ వెనక NT156WHM-N42 అని ఉంది. ఆన్‌లైన్‌లో కొని నేనే వేసుకోవచ్చా? అసలు ఇంత పాత లాప్‌టాప్ మీద ఖర్చు పెట్టడం దండగేమో?

సమాధానం:

దండగ కాదండీ, వేయించండి. ఇప్పుడున్న 1366 × 768 ప్యానెల్ రకమే వేయించుకుంటే ఏ గొడవా ఉండదు. ఫుల్ హెచ్‌డీకి మాత్రం మీ లాప్‌టాప్‌లోని స్క్రీన్ కేబుల్ చూడకుండా ఒప్పుకోకండి. 30 పిన్ను సరిపోవడం వేరు, ఆ కేబుల్‌లో సరిపడా తీగలు ఉండడం వేరు. ఇక మీరే వేసుకోవడం అంటారా, ప్యానెల్ విప్పి లేబుల్ చదివేదాకా వచ్చారంటే సగం పని అయిపోయినట్టే. మిగతా సగంలో బ్యాటరీ సంగతి ఒక్కటి మర్చిపోకపోతే చాలు.

లాప్‌టాప్ రిపేరు నా వృత్తి. స్క్రీన్ కేసుల్లో ఎక్కువ డబ్బు వృథా అయ్యేది రిపేరు ధర దగ్గర కాదు, తప్పు ప్యానెల్ కొనడం దగ్గర. కాబట్టి అక్కడే కాస్త ఎక్కువ చెప్తాను.

పగిలింది ప్యానెలేనా?

మీ కేసులో అనుమానం లేదనుకుంటాను. కానీ ఇది చదివే ఇంకొకరికి ఉపయోగపడుతుంది. సిరా ఒలికినట్టు నల్లటి మచ్చ, దాని చుట్టూ సాలెగూడులా చీలికలు, ఒక మూల నుంచి బయల్దేరే రంగు గీతలు కనిపిస్తే అది ప్యానెలే. లాప్‌టాప్‌లో ఫోన్‌కి మల్లే పైన గ్లాసు విడిగా మార్చే పని ఉండదు (టచ్ స్క్రీన్లలో కొన్ని వేరే సంగతి). లోపల ద్రవం ఉన్న పల్చటి రెండు గాజు పలకలే పగిలాయి కాబట్టి మొత్తం ప్యానెల్ మార్చాల్సిందే.

చీలిక ఏమీ లేకుండా గీతలు మాత్రమే వస్తూ, మూత ముందుకీ వెనక్కీ కదిపినప్పుడు అవి మారుతూ పోతూ ఉంటే ముందు కేబుల్‌ని అనుమానించాలి. తెర మొత్తం నల్లగా ఉండి, టార్చి ఏటవాలుగా కొట్టి చూస్తే లోపల బొమ్మ మసగ్గా కనిపిస్తే వెనక వెలుగు పోయినట్టు. ఈ రెండిట్లో కొత్త ప్యానెల్ కొన్నా బాగుపడకపోవచ్చు.

ఏదైనా సరే, డబ్బు పెట్టే ముందు హెచ్‌డీఎంఐ తీగతో టీవీకో మానిటర్‌కో కలిపి చూడండి. అక్కడ బొమ్మ శుభ్రంగా వచ్చి, ఓ అరగంట వాడినా లాప్‌టాప్ ఆగిపోకుండా ఉంటే కింద పడ్డ దెబ్బ మదర్‌బోర్డుకు తగల్లేదని ధైర్యంగా ముందుకెళ్లొచ్చు. జారిపడ్డ లాప్‌టాప్‌కి స్క్రీన్ వేశాక, హార్డ్ డిస్క్ కూడా పోయిందని తెలిసి తల పట్టుకున్నవాళ్లను చూశాను. 2019 నాటి చాలా లాప్‌టాప్‌లలో ఇంకా తిరిగే డిస్కే ఉంటుంది, మీదీ అదే అయితే ముందు ముఖ్యమైన ఫైళ్లు కాపీ చేసుకోండి.

లాప్‌టాప్ మోడల్ పేరుతో కొనకండి, ప్యానెల్ లేబుల్‌తో కొనండి

ఆన్‌లైన్‌లో లాప్‌టాప్ మోడల్ పేరు కొడితే "మీ మోడల్‌కి సరిపడే స్క్రీన్" అని చూపిస్తారు. దాన్ని నమ్మొద్దు. ఒకే మోడల్ పేరుతో వచ్చిన లాప్‌టాప్‌లలోనే ఒక దాంట్లో ఒక కంపెనీ ప్యానెల్, ఇంకో దాంట్లో వేరే కంపెనీ ప్యానెల్ ఉంటాయి. ఒకటి హెచ్‌డీ అయితే ఇంకోటి ఫుల్ హెచ్‌డీ, ఒకటి టచ్ అయితే ఇంకోటి మామూలుది. తయారీదారు ఆ నెల ఏది దొరికితే అది వేస్తాడు. ప్యానెల్ వెనక అంటించిన కాగితం ఒక్కటే మీ లాప్‌టాప్ గురించి ఉన్నదున్నట్టు చెప్పేది.

మీ లేబుల్ చదువుదాం. NT156WHM-N42 అంటే బీవోఈ అనే చైనా కంపెనీ ప్యానెల్. వాళ్ల పద్ధతిలో NT అంటే పక్కనుంచి చూస్తే రంగులు వెలిసిపోయే మామూలు టీఎన్ రకం. NV అంటే ఏ కోణంలో చూసినా రంగు నిలిచే, ఐపీఎస్ లాంటి రకం. 156 అంటే 15.6 అంగుళాలు. WHM అంటే 1366 × 768, అదే FHM అయితే 1920 × 1080. చివర ఉన్న N42ని చాలామంది వదిలేస్తారు. బిగించే చెవులు, వెడల్పు, కనెక్టర్ లాంటి తేడాలన్నీ ఆ చివరి అక్షరాల్లోనే ఉంటాయి.

ఈ చివరి అక్షరం ఎంత పని చేస్తుందో ఒక ఉదాహరణ చెప్తాను. ఇన్నోలక్స్ కంపెనీ ప్యానెల్స్‌లో N156BGE-L21 అని ఒకటుంది, N156BGE-E31 అని ఇంకోటుంది. రెండూ 15.6 అంగుళాలే, రెండూ 1366 × 768. కానీ L ఉన్నది బోర్డు నుంచి తెరకి బొమ్మ పంపే పాత ఎల్‌వీడీఎస్ పద్ధతి, 40 పిన్ను. E ఉన్నది దాని తర్వాత వచ్చిన ఈడీపీ పద్ధతి, 30 పిన్ను. కరీంనగర్ నుంచి ఒకాయన "N156BGE" అన్నంత వరకే చూసి ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చిందని తెప్పించుకుని మా దగ్గరికి పట్టుకొచ్చాడు. ఆయన లాప్‌టాప్‌ది E, వచ్చింది L. కనెక్టరే ఎక్కలేదు కాబట్టి లాప్‌టాప్ బతికింది. అమ్మినవాడు మాత్రం ప్యాకింగ్ విప్పారని వెనక్కి తీసుకోలేదు.

లేబుల్ చిరిగిపోయినా, మూత విప్పడానికి భయమేసినా ఇంకో దారి ఉంది. గాజు పగిలినా ప్యానెల్‌లోని చిన్న చిప్పు చాలాసార్లు బతికే ఉంటుంది, అది తన పేరు తనే చెప్తుంది. బయటి మానిటర్ పెట్టుకుని లినక్స్‌లో అయితే ఇలా:

```
sudo apt install edid-decode
edid-decode /sys/class/drm/card0-eDP-1/edid
```

కొన్ని మెషీన్లలో card0 బదులు card1 ఉంటుంది. వచ్చే సమాచారంలో చాలావరకు ప్యానెల్ పేరు పూర్తిగానే కనిపిస్తుంది. విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి:

```
Get-PnpDevice -Class Monitor -PresentOnly | Select InstanceId
```

ఇక్కడ పూర్తి పేరు రాదు, కంపెనీ గుర్తు, నాలుగు అంకెల కోడ్ వస్తాయి. BOE అంటే బీవోఈ, AUO అంటే ఏయూ ఆప్ట్రానిక్స్, CMN అంటే ఇన్నోలక్స్, LGD అంటే ఎల్‌జీ. దీన్ని ఆధారం చేసుకుని వెతకొచ్చు కానీ, డబ్బు కట్టేముందు లేబుల్ చూడటమే మేలు.

కనెక్టర్, కొలత

2013 తర్వాత వచ్చిన లాప్‌టాప్‌లలో మీకు దాదాపుగా తగిలేది ఈడీపీ. మీది 30 పిన్నుల ఈడీపీ. ఇదే ఈడీపీలో 40 పిన్నులది కూడా ఉంది. అది 120, 144 హెర్ట్జ్ గేమింగ్ స్క్రీన్లలో, 4కే స్క్రీన్లలో, టచ్ తీగలు కూడా అదే కేబుల్‌లో వచ్చే కొన్ని స్క్రీన్లలో ఉంటుంది. "40 పిన్ను" అన్నంత మాత్రాన పాత ఎల్‌వీడీఎస్ 40 పిన్నూ, ఈ 40 పిన్నూ ఒకటి కావు. ఏ పిన్ను మీద ఏ కరెంటు వస్తుందన్నది రెండిట్లో పూర్తిగా వేరు. అందుకే షాపులో "ఎన్ని పిన్నులు" అని ఆపేయకుండా "ఈడీపీయా" అని కూడా అడగండి.

కనెక్టర్ ఏ పక్కన ఉందో కూడా చూసుకోండి. పాత ప్యానెల్‌ని బోర్లా పడుకోబెట్టి ఫొటో తీసి, కొత్తదాని ఫొటో పక్కన పెట్టి చూస్తే చాలు. అటువైపు ఉండాల్సింది ఇటువైపు ఉంటే మీ కేబుల్ అందదు, లాగి అందించినా మూత రెండు వారాలు తెరిచి మూసేసరికి కేబుల్ తెగుతుంది.

ఇక కొలత. 15.6 అంగుళాలు అన్నది బొమ్మ కనపడే భాగానికి కర్ణం, అంటే సుమారు 344 మి.మీ. వెడల్పు, 194 మి.మీ. ఎత్తు. ఇది అన్ని 15.6 ప్యానెల్స్‌కీ ఒకటే. తేడా అంతా చుట్టూ ఉండే అంచులో. పాత పద్ధతి ప్యానెల్స్ అంచుతో కలిపి సుమారు 359 మి.మీ. వెడల్పుంటాయి, పైనా కిందా స్క్రూలు బిగించడానికి రేకు చెవులు ఉంటాయి. సన్నంచు లాప్‌టాప్‌లకి వచ్చేవి 350 మి.మీ. దగ్గర ఉంటాయి, చెవులు ఉండవు, సాగే బంకపట్టీలతో మూతకి అతుక్కుని ఉంటాయి. మీ N42 చెవులున్న రకం.

చెవులున్న చోట చెవుల్లేనిది వేస్తే ఏమవుతుంది? బొమ్మ వస్తుంది. షాపువాడు రెండు వైపులా జిగురుండే టేపుతో అతికించి ఇచ్చేస్తాడు. మూడు వేసవులు పోయాక టేపు మెత్తబడి ప్యానెల్ నాలుగు మిల్లీమీటర్లు కిందికి జారుతుంది, టాస్క్‌బార్ సగం ఫ్రేము వెనక్కి పోతుంది. మూత మూసినప్పుడు ఒక మూల మీద ఒత్తిడి పడి అక్కడ తెల్ల మచ్చ కూడా వస్తుంది. మీ పాతదాంట్లో స్క్రూలుంటే కొత్తదాంట్లోనూ స్క్రూలు పట్టాలి, దీనికి సర్దుకుపోవడం ఉండదు.

ఆ 1,200 సంగతి: హెచ్‌డీ నుంచి ఫుల్ హెచ్‌డీకి

షాపువాడు చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం. హెచ్‌డీ ప్యానెల్‌కీ మామూలు 60 హెర్ట్జ్ ఫుల్ హెచ్‌డీ ప్యానెల్‌కీ కనెక్టర్ ఒకటే, 30 పిన్నుల ఈడీపీ. గుచ్చితే ఎక్కుతుంది. చెవులతో ఉన్న ఫుల్ హెచ్‌డీ ప్యానెల్స్ కూడా ఉన్నాయి, బీవోఈలోనే NV156FHM-N42 అలాంటిది. (అదే NV156FHM-N48 చెవుల్లేని సన్నంచుది. మళ్లీ చివరి అంకెలే.) అయినా అందరి లాప్‌టాప్‌లోనూ పనిచేయదు.

ఎందుకంటే ఈడీపీలో బొమ్మ సమాచారం లేన్ల మీద నడుస్తుంది. ఒక్కో లేనంటే జంట తీగలు. మామూలుగా వాడే వేగంలో ఒక లేన్ సెకనుకు 2.7 గిగాబిట్లు మోస్తుంది. అందులో ఐదో వంతు సంకేతాల అమరికకే పోతుంది, కాబట్టి బొమ్మకు మిగిలేది 2.16. ఇప్పుడు 1366 × 768 తెరకి సెకనుకు 60 బొమ్మలు పంపాలంటే, చుట్టూ వదిలే ఖాళీ సమయం కూడా కలుపుకుని సుమారు 7.6 కోట్ల చుక్కలు పంపాలి. ఒక్కో చుక్కకీ 18 బిట్లు. అంటే 1.4 గిగాబిట్లలోపే. ఒక లేన్ సుఖంగా సరిపోతుంది.

అదే 1920 × 1080 అయితే సుమారు 14 కోట్ల చుక్కలు. 18 బిట్ల చొప్పున 2.5 గిగాబిట్లు. ఒక లేన్ చాలదు, రెండు కావాలి.

హెచ్‌డీ ప్యానెల్‌తో అమ్మే చవక లాప్‌టాప్‌లో తయారీదారు ఏం చేస్తాడంటే, అవసరం లేని రెండో లేన్ తీగలు కేబుల్‌లో వేయడు. కనెక్టర్ 30 పిన్నులదే ఉంటుంది, రెండో లేన్ తాలూకు చోటు మాత్రం ఖాళీ. అలాంటి కేబుల్‌కి ఫుల్ హెచ్‌డీ ప్యానెల్ పెడితే వెనక వెలుగు వస్తుంది, తెర నల్లగానే ఉంటుంది. లేదా కంప్యూటర్ ఒక్క లేన్‌తోనే సర్దుకుని తక్కువ రెజల్యూషన్‌లోనో తక్కువ వేగంలోనో చూపిస్తుంది, మసకమసగ్గా. ప్యానెల్ పాడైందనుకుని మార్పించుకుంటారు. రెండోదీ అంతే అవుతుంది.

దీన్ని మీరే చూసి తేల్చుకోవచ్చు. ప్యానెల్ వైపు కేబుల్ చివర తీగలు ఒక వరసలో కనిపిస్తాయి. 30 పిన్నుల ఈడీపీలో 6, 7 పిన్నులు మొదటి లేన్, 3, 4 పిన్నులు రెండో లేన్. ఒకటో పిన్ను ఎటువైపు ఉందో ప్యానెల్ బోర్డు మీద కనెక్టర్ పక్కన చిన్న గుర్తు గానీ అంకె గానీ ఉంటుంది, అటునుంచి లెక్కపెట్టండి. వెనక వెలుగుకి వెళ్లే కరెంటు తీగలు 26 నుంచి 29 వరకు, అంటే రెండో కొసన గుంపుగా ఉంటాయి, వాటిని బట్టి కూడా దిక్కు తెలుస్తుంది. ఫోన్ కెమెరాతో జూమ్ చేసి తీసిన ఫొటోలో 3, 4 దగ్గర తీగలు ఉంటే మీ అదృష్టం. ఖాళీగా ఉంటే, అదే లాప్‌టాప్ మోడల్ ఫుల్ హెచ్‌డీతో కూడా అమ్ముడైందేమో వెతికి ఆ మోడల్ కేబుల్ తెప్పించాలి. కేబుల్ వేయాలంటే కింది మూత, హింజ్‌లు కూడా విప్పాలి. పైగా కొన్ని బోర్డుల్లో ఆ రెండో లేన్ బోర్డు మీదే వదిలేసి ఉంటుంది, అప్పుడు ఏ కేబుల్ తెచ్చినా రాదు.

కేబుల్‌లో రెండు లేన్లూ ఉంటే ఆ 1,200 తప్పకుండా పెట్టండి. రిజల్యూషన్ పెరగడం కన్నా టీఎన్ నుంచి ఐపీఎస్‌కి మారడమే మీకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అయితే షాపువాడు ఇచ్చేది ఐపీఎస్సేనా అని అడగండి. ఫుల్ హెచ్‌డీలో టీఎన్ రకం కూడా ఉంది, అది ఇచ్చి అదే డబ్బు తీసుకుంటారు. పేరు చూస్తే దొరికిపోతుంది: ఏయూవోలో B156HAN అయితే ఐపీఎస్ తరహా, B156HTN అయితే టీఎన్.

ఖర్చు పెట్టొచ్చా?

నేను వేసే లెక్క ఇది. ఇప్పుడు ఉన్నదున్నట్టు అమ్మితే ఎంత వస్తుంది, బాగుచేశాక అమ్మితే ఎంత వస్తుంది. ఈ రెంటి మధ్య తేడా రిపేరు ఖర్చుకన్నా ఎక్కువుంటే కళ్లు మూసుకుని చేయించొచ్చు, మీరు అమ్మకపోయినా సరే.

8వ తరం ఐ3, 8 జీబీ ర్యామ్, పనిచేసే బ్యాటరీ ఉన్న లాప్‌టాప్‌కి మా చుట్టుపక్కల సెకండ్ హ్యాండ్ ధర 13 నుంచి 15 వేలు పలుకుతోంది. స్క్రీన్ పగిలినదైతే 6 వేలు ఇస్తే గొప్ప. మధ్యలో కనీసం 7 వేలు తేడా. మీకు 3,800 అంటున్నారు, అంటే చేయించాల్సిందే. 9,500 అయితే ఆ లెక్క తిరగబడుతుంది. సర్వీస్ సెంటర్‌వాళ్లు మోసం చేస్తున్నారని కాదు. వాళ్లు కంపెనీ ఇచ్చే పార్టు ధరకే వేయాలి, చాలాసార్లు ప్యానెల్ ఒక్కటీ కాకుండా పై మూత మొత్తం సెట్టుగా మారుస్తారు. వారంటీలో ఉన్నా పగుళ్లకి మామూలు వారంటీ వర్తించదు, ప్రమాదాల ప్యాకేజీ విడిగా కొనుక్కుని ఉంటేనే ఉచితం.

మీది 8వ తరం కావడం ఇక్కడ పెద్ద విషయం. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ 8వ తరం నుంచే. అదే 7వ తరం అయ్యుంటే అమ్మకం ధర బాగా పడిపోయి ఉండేది, నా సలహా కూడా మారేది. అప్పుడు మూత అలాగే వదిలేసి, పాత మానిటర్ ఒకటి తగిలించి ఇంట్లో డెస్క్‌టాప్‌లా వాడుకోమనేవాణ్ని.

డబ్బు ఖాయం చేసేముందు ఇంకొక్కటి చూడండి, హింజ్‌లు. చవక లాప్‌టాప్‌లలో హింజ్ స్క్రూలు ప్లాస్టిక్ మూతలో దిగిన ఇత్తడి గుండీలకి బిగించి ఉంటాయి. కింద పడినప్పుడు ఆ ప్లాస్టిక్ చిట్లుతుంది. మూత తెరిచేటప్పుడు ఒక పక్క టక్కుమని చప్పుడొస్తున్నా, కింది అంచు ఫ్రేము నోరు తెరుచుకుంటున్నా హింజ్ ఊడినట్టే. దాన్ని అలాగే ఉంచి కొత్త ప్యానెల్ వేస్తే, తెరిచిన ప్రతిసారీ ఆ మూల ప్యానెల్‌ని మెలితిప్పుతుంది. నెలలోపే మళ్లీ పగిలి, "మీరు వేసిన స్క్రీన్ నాసిరకం" అని గొడవకొచ్చినవాళ్లు మాకు ఉన్నారు. ఇప్పుడు హింజ్ ఊడి ఉంటే పై మూత కూడా మార్చకుండా స్క్రీన్ వేయను, కస్టమర్ ఒప్పుకోకపోతే పని వదులుకుంటాను. మీదీ అలా ఉంటే మూత, హింజ్‌ల ఖర్చు మరో 2 నుంచి 3 వేలు కలుపుకుని పై లెక్క మళ్లీ వేయండి. అప్పటికీ అంచు మీద మీరే నెగ్గుతారు.

మీరే వేసుకుంటే

ముందుగా బ్యాటరీ. మీ తరం లాప్‌టాప్‌లలో బ్యాటరీ లోపల ఉంటుంది కాబట్టి కింది మూత విప్పి దాని కనెక్టర్ తీసేయండి. ఛార్జర్ తీసేసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. ఇది లాంఛనం కాదు. అదే 30 పిన్నుల కనెక్టర్‌లో ఒకచోట 3.3 వోల్టులు, ఇంకోచోట వెనక వెలుగు కోసం అంతకన్నా ఎన్నో రెట్లు వోల్టేజి ఉంటాయి. లాప్‌టాప్ ఆపి ఉన్నా బ్యాటరీ తగిలించి ఉంటే ప్రమాదం ఉంటుంది. కరెంటు ఉండగా కేబుల్ వంకరగా గుచ్చితే ఎక్కువ వోల్టేజి పక్క పిన్నుకి తగులుతుంది, బోర్డు మీద ఆవగింజంత ఫ్యూజు పోతుంది. అదృష్టం బాగోకపోతే ఫ్యూజుతో ఆగదు. 3,800 మిగుల్చుకుందామని మొదలుపెట్టి మదర్‌బోర్డు దాకా తెచ్చుకునేది ఇక్కడే.

తర్వాత ఫ్రేము. పాత ఏటీఎం కార్డులాంటిదో గిటార్ పిక్కో తీసుకుని లోపలి అంచు నుంచి ఒక్కో క్లిప్పూ వదిలించండి. కింది మూలల్లో రబ్బరు బిళ్లల కింద స్క్రూలు దాక్కుని ఉంటాయేమో ముందే చూడండి. ప్యానెల్ స్క్రూలు తీశాక దాన్ని కీబోర్డు మీదికి మెల్లగా వాల్చండి, కింద మెత్తటి గుడ్డ పరచండి. కనెక్టర్ మీద ఉన్న పారదర్శక టేపు ఒలిచి, తీగ లాంటి లాకు ఉంటే పైకెత్తండి. ఆ తర్వాత కేబుల్‌ని ప్యానెల్‌కి సమాంతరంగా జరిపి తీయాలి. పైకి లాగితే కనెక్టర్ బోర్డు నుంచి ఊడొస్తుంది. కొత్త ప్యానెల్‌ని ఎప్పుడూ అంచులు పట్టుకునే ఎత్తండి. కింది అంచున వెనక ఉండే పచ్చ బోర్డు పట్టీ మీద వేలు వేసి నొక్కితే నిలువు గీతలు మీరే తెచ్చుకున్నవాళ్లవుతారు.

కేబుల్ పెట్టి, టేపు మళ్లీ అంటించి, స్క్రూలు బిగించకుండానే బ్యాటరీ తగిలించి ఆన్ చేయండి. కంపెనీ లోగో, బయోస్ తెర వచ్చాయంటే జోడీ కుదిరింది. లోగో వచ్చి విండోస్‌లో నల్లబడితే డ్రైవర్ సంగతి, లేదంటే పైన చెప్పిన లేన్ల సంగతి. ఏమీ రాకపోతే టార్చి కొట్టి చూడండి, మసక బొమ్మ కనిపిస్తే కేబుల్ సరిగ్గా దిగలేదో ఫ్యూజు పోయిందో. అంతా బాగుంటే పూర్తి తెల్ల తెర, పూర్తి నల్ల తెర పెట్టి చూడండి. తెల్లదాని మీద నల్ల చుక్కలు, నల్లదాని మీద వెలిగే చుక్కలు, ఒత్తిడి మచ్చలు ఉంటే ఇప్పుడే బయటపడాలి. పైనున్న ప్లాస్టిక్ పొర ఇంకా తీయకండి. అది తీసి, స్క్రూ బిగించాక ఏ అమ్మకందారూ వెనక్కి తీసుకోడు.

ఆన్‌లైన్‌లో అయినా, సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్ లాంటి చోట స్వయంగా వెళ్లి కొన్నా, కొత్తదేనా అన్నది చూసుకోండి. పాత లాప్‌టాప్‌ల నుంచి పీకిన ప్యానెల్స్ కొత్తవాటిగా అమ్ముతుంటారు. చెవుల రంధ్రాల చుట్టూ స్క్రూ తిరిగిన గీతలు, వెనక టేపు ఒలిచిన జిగురు మరక, ముందు పొర లేకపోవడం, ఇవే గుర్తులు. పీకిన ప్యానెల్ చెడ్డదని కాదు, ధర అందుకు తగ్గట్టు ఉండాలి. బిల్లు మీద "15.6 స్క్రీన్" అని కాకుండా NT156WHM-N42 అనో, దానికి బదులు ఇస్తున్న ప్యానెల్ పూర్తి పేరో రాయించుకోండి. వేరే కంపెనీది ఇస్తే భయం లేదు. కొలత, చెవులు, 30 పిన్నుల ఈడీపీ, 1366 × 768 కలిస్తే ఏయూవో అయినా ఎల్‌జీ అయినా అలాగే పనిచేస్తుంది.

ఎలాగూ విప్పారు కాబట్టి కేబుల్ చివర ఫొటో దగ్గర్నుంచి తీసి ఇక్కడ పెట్టండి, 3, 4 పిన్నుల వైపు స్పష్టంగా కనిపించేలా. మీకు ఫుల్ హెచ్‌డీ యోగం ఉందో లేదో చూసి చెప్తాను.